వ్యాపారం మొదలైన కథను పోస్టుగా రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, వరంగల్, నర్సంపేట, జమ్మికుంట వైపు చిన్న వ్యాపారాలు పెట్టినవాళ్లు "మా కథ" అని ఒక పోస్టు రాసి, వేసే ముందు ఒకసారి చూడమని నాకు పంపుతుంటారు. చాలావాటిలో రెండే రోగాలు. ఒకటి ఏడిపిస్తుంది, ఇంకోటి అమ్ముతుంది. వాళ్లు అడిగే ప్రశ్నలను, నేను చెప్పే జవాబులను ఇక్కడ పెడుతున్నాను. పేజీ పొడవునా ఒకే ఉదాహరణ వాడాను: నర్సంపేట దగ్గరి ఊళ్లో నాన్న పండించే చపాట మిర్చితో హన్మకొండలో కారం పొడి అమ్మే ఒక ఆమె. ఆమె నేను కల్పించిన మనిషి. ఆమె ఇబ్బందులు మాత్రం ఇక్కడ ఎవరికైనా వచ్చేవే.

కథ ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి? చిన్నప్పటి నుంచి చెప్పాలా?

వద్దు. బడికి నడిచివెళ్లిన రోజులు, ఇంటర్‌లో వచ్చిన మార్కులు, హైదరాబాద్‌లో హాస్టల్ తిండి, ఇవన్నీ మీకు ముఖ్యమే. కానీ చదివేవాడికి ఇంకా మీరెవరో తెలియదు. మీ జీవితంలో వాడికి ఆసక్తి పుట్టాలంటే ముందు ఒక సమస్య కనిపించాలి. ఆ సమస్య మీ వ్యాపారంలోదై ఉండాలి.

నేను అడిగే ప్రశ్న ఒకటే: "ఈ పని వదిలేద్దామా, ఉంచుదామా అని తేల్చుకోవాల్సి వచ్చింది ఎప్పుడు?" దీనికి వచ్చే జవాబు మొదట రాసుకున్న చిత్తులో దాదాపు ఎప్పుడూ ఉండదు. కారం పొడి ఆమె చిత్తు నాన్న చేనుతో మొదలైంది. ఈ ప్రశ్న అడిగితే వేరే సంగతి బయటికి వచ్చింది. చపాట మిర్చి టమాటాలా గుండ్రంగా ఉంటుంది, రంగు చాలా ఎక్కువ, కారం తక్కువ. పొడి పట్టిస్తే కుంకుమ లెక్క ఎర్రగా వస్తుంది. ఇరుగుపొరుగుకు ఇస్తే వాళ్లు అన్న మొదటి మాట, "రంగు కలిపినవా?" నోట్లో వేసుకుని అన్న రెండో మాట, "కారం లేదేంది?" అంటే తన సరుకులో ఉన్న మంచి గుణమే జనానికి కల్తీలా కనిపించింది. ఆ అనుమానంతో ఆమె ఏడాదిపాటు కుస్తీ పట్టింది. కథ అక్కడుంది, చేను దగ్గర లేదు.

మీ చిత్తులో మొదటి రెండు పేరాలు కొట్టేసి మూడో పేరా నుంచి చదివి చూడండి. అర్థమవుతోందంటే ఆ రెండూ అక్కర్లేదన్నమాట.

నాన్న పడ్డ కష్టం నిజమే కదా. అది రాస్తే అతి ఎందుకవుతుంది?

కష్టం రాస్తే అతి కాదు. కష్టం పక్కన మీరు నిలబడి ఏడిస్తే అతి అవుతుంది. ఆమె మొదటి చిత్తులోని వాక్యాలు ఇవి:

"ఆరుగాలం చెమటోడ్చిన నాన్న కళ్లలో ఆ రోజు నీళ్లు చూశాను. నా గుండె పగిలిపోయింది. అమ్మ తన గాజులు తీసి నా చేతిలో పెట్టింది. ఆ క్షణమే నిర్ణయించుకున్నాను, ఈ కన్నీళ్లకు జవాబు చెప్పాలని."

ఇందులో ఆమెకే చెందిన వివరం ఒక్కటీ లేదు. ఇదే పేరా పాల డెయిరీ పోస్టులో పెట్టండి, చేనేత పోస్టులో పెట్టండి, సరిపోతుంది. ఎక్కడ పెట్టినా సరిపోయేది ఎవరి కథా కాదు. కూర్చుని అడిగితే తేలిందేమంటే నాన్న ఏడవలేదు. ఆయన, "సరే, కొన్ని బస్తాలు ఇంట్లనే ఉంచు, చూద్దాం" అన్నాడట. గాజుల సంగతి నిజమే. నాలుగు తులాలు, బ్యాంకులో పెడితే 1,40,000 వచ్చాయి. పదకొండు నెలలకు విడిపించుకున్నారు.

ఇప్పుడు ఇలా రాసి చూడండి: "అమ్మ గాజులు నాలుగు తులాలు బ్యాంకులో పెట్టి 1,40,000 తెచ్చిన. పదకొండు నెలలు అమ్మ పెళ్లిళ్లకు మట్టిగాజులే వేసుకొని పోయింది." ఇందులో గుండె పగల్లేదు, కన్నీళ్లు కారలేదు. కానీ మన దగ్గర పెళ్లికి మట్టిగాజులతో పోతే ఎవరేం అడుగుతారో, ఆ తల్లి ఏం చెప్పి తప్పించుకుని ఉంటుందో చదివేవాళ్లకు తెలుసు. ఆ భాగం వాళ్లకే వదిలేయాలి.

నేను పాటించే పద్ధతి ఇది. బాధ గురించి వాక్యం రాయగానే, దాని పక్కన ఒక లెక్కో, ఒక వస్తువో, ఎవరో అన్న మాటో పెడతాను. తర్వాత బాధ పేరు చెప్పే మాటను తీసేస్తాను. మిగిలింది నిలబడితే సరే. నిలబడకపోతే అక్కడ చెప్పడానికి ఏమీ లేదని అర్థం, మొత్తం తీసేయడమే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఒక పోస్టులో ఒక కష్టం చాలు. గాజులు, వానలో పాడైన సరుకు, చుట్టాల ఎత్తిపొడుపులు, పాపకు జ్వరం అన్నీ వరసగా పేరిస్తే చదివేవాడు మూడోదాని దగ్గర అనుమానపడతాడు, నాలుగోదాని దగ్గర నవ్వుతాడు.

నిజం చెప్పాలంటే నాకు గొప్ప ఆశయమేమీ లేదు. డబ్బు కోసమే పెట్టిన. మరి ఏం రాయాలి?

అదే రాయండి. "రైతన్నకు న్యాయం చేయాలని", "కల్తీ లేని సమాజం కోసం" అని రాసినవాళ్లలో చాలామంది మొదటి రోజు అలా అనుకోలేదు. అమ్మకం మొదలయ్యాక, పాంప్లెట్ కొట్టించేటప్పుడు తోచిన మాటలవి.

మన ఉదాహరణలో ఆమె హన్మకొండలో అకౌంట్స్ పని చేసేది. ఆ బ్రాంచి ఎత్తేశారు. హైదరాబాద్‌లో ఇంకో ఉద్యోగం దొరికింది. పాపకు మూడేళ్లు, అత్తగారికి నడవడం కష్టం, అందుకని పోలేదు. ఇంట్లో వాడుకోవడానికి తెచ్చిన కారం పొడిని అంతకుముందే ఆఫీసులో ఇద్దరు అడిగి తీసుకున్నారు. చేతిలో ఉన్న పని అదొక్కటే కాబట్టి అది మొదలుపెట్టింది. ఉద్దేశం ఇంతే. చదివేవాళ్లకు ఇది రైతు సేవ కన్నా ఎక్కువ నమ్మబుద్ధవుతుంది, ఎందుకంటే ఇలాంటి లెక్కలు వాళ్లూ వేసుకున్నవే.

పెద్ద ఉద్దేశం తర్వాత పుట్టి ఉండొచ్చు. అప్పుడు అది ఎప్పుడు పుట్టిందో అక్కడే పెట్టండి. రెండో ఏడు పక్కింటి రైతు, "మావి కూడ తీసుకుంటవా బిడ్డా?" అని అడిగాడు. అప్పటిదాకా తన ఇంటి గురించే ఆలోచించిన మనిషి మొదటిసారి వేరే ఇంటి లెక్క కూడా మోయాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి ఆమె రైతుల గురించి మాట్లాడొచ్చు. దాన్ని వెనక్కి జరిపి మొదటి రోజుకు అతికిస్తే అబద్ధమవుతుంది. ఎవరూ పట్టుకోకపోవచ్చు, కానీ ఆ పేరాలో గొంతు మారిపోతుంది, చదివేవాళ్లకు అది తెలిసిపోతుంది.

కథ బాగుండాలని కొద్దిగా మార్చుకుంటే ఏమవుతుంది? పెద్ద కంపెనీలే చేస్తాయి కదా?

చేశాయి, బయటపడ్డాయి కూడా. వస్తువులను వేలంలో అమ్ముకునే సైట్ ఈబే 1995లో మొదలైంది. స్థాపకుడు పియర్ ఒమిడ్యార్ తనకు కాబోయే భార్య పెజ్ మిఠాయి డబ్బాలు సేకరించుకోవడం కోసం ఆ సైట్ పెట్టాడని చాలాకాలం పత్రికలు రాశాయి. పత్రికలవాళ్లకు ఆసక్తి కలిగించడానికి సంస్థలో ప్రచారం చూసే ఆమె అల్లిన కథ అదని తర్వాత తేలింది. అసలు అక్కడ మొదట అమ్ముడైంది చెడిపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు. నాకైతే ఆ చెడిపోయిన పాయింటర్ కథే బాగుంది. పాడైనదాన్ని కూడా కొనేవాడు ఉంటాడని ఆ సైట్ సంగతి అంతా ఒక్క వస్తువులో చెబుతుంది.

నెట్‌ఫ్లిక్స్‌దీ ఇంతే. అద్దెకు తెచ్చుకున్న వీడియో క్యాసెట్ ఆలస్యంగా తిరిగిచ్చినందుకు 40 డాలర్ల జరిమానా పడిందని, ఆ కోపంతో పెట్టామని రీడ్ హేస్టింగ్స్ చెప్పేవాడు. ఆలోచన అలా పుట్టలేదని ఆయనతో కలిసి సంస్థ పెట్టిన మార్క్ రాండాల్ఫే తర్వాత చెప్పాడు.

వాళ్లు పెద్దవాళ్లు, తట్టుకున్నారు. మీ పోస్టు చదివేవాళ్లలో మీ ఊరివాళ్లు, పాత ఆఫీసువాళ్లు, మేనమామ కొడుకు ఉంటారు. "నాన్న రెండెకరాలు అమ్మిండా? ఎప్పుడు?" అని కింద ఒక్కరు అడిగితే చాలు. మార్చడానికి, కుదించడానికి తేడా ఉంది. ఆరు నెలల్లో జరిగినదాన్ని రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. ముగ్గురు అన్న మాటల్లో ఒకరి మాటే రాయొచ్చు. జరగనిది జరిగిందని, ముందుది వెనక్కి, వెనకది ముందుకు చెప్పకూడదు.

నా పోస్టు ప్రకటనలా ఉందని ఎలా తెలుసుకోవాలి?

బ్రాండ్ పేరు, సరుకు పేరు, సరుకును పొగిడే మాటలు ఉన్న చోటల్లా అడ్డంగా గీత పెట్టి కొట్టేసి మళ్లీ చదవండి. అప్పుడు కూడా ఒక మనిషికి ఏదో జరిగింది, ఏదో తేల్చుకుంది అని అర్థమైతే అది కథ. గీతలు పెట్టగానే చప్పబడిపోతే అది పాంప్లెట్. ఆమె రెండో చిత్తు చూడండి, ఏడుపు తీసేశాక ఇటు ఒరిగింది:

"అమ్మ చేతి రుచిని మీ ఇంటికి చేర్చాలనే తపనతో, 100 శాతం స్వచ్ఛమైన, సహజమైన, ఇంట్లో తయారుచేసిన మా కారం పొడిని…"

గీతలు పెడితే "తపన" ఒక్కటి మిగిలింది.

తిండి సరుకులు అమ్మేవాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. 2018లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రకటనల మీద, సరుకు గురించి చేసే ప్రచారం మీద నిబంధనలు తెచ్చింది. "సహజమైన", "స్వచ్ఛమైన", "సంప్రదాయ" లాంటి మాటలను ఇష్టం వచ్చినట్టు వాడటానికి లేదు, వాటికి షరతులున్నాయి. కొనేవాళ్లను తప్పుదారి పట్టించేలా "ఇంట్లో చేసింది" అనకూడదని కూడా అందులో ఉంది. మిల్లులో పట్టించి ప్యాకెట్లు కట్టేవాళ్లు ఈ మాట దగ్గర ఆగి చూసుకోవాలి. ఇది నా సొంత కథ, ప్రకటన కాదు అంటే కుదరదు. సరుకు అమ్మేవాడు సరుకు గురించి రాసింది ప్రకటన కిందికే వచ్చే అవకాశం ఎక్కువ. ఆహార భద్రత చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా ఉంది. చిన్న పోస్టుకు అంతదూరం వస్తుందని కాదు. పోస్టును చెడగొట్టే మాటలూ, చట్టం అభ్యంతరపెట్టే మాటలూ చాలావరకు ఒకటే కాబట్టి, ఒకసారి ఏరేస్తే రెండు పనులు అవుతాయి.

చపాట అన్న పేరు విషయంలోనూ చూసుకోండి. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కథంతా చపాట అని రాసి, సీజన్ అయిపోయాక వేరే రకం కలిపి అమ్మితే కథ, సరుకు రెండూ అబద్ధమే.

పరీక్ష చేయించిన, సర్టిఫికెట్ ఉంది. అది రాయొచ్చా?

రాయొచ్చు, అది ఎంత నిరూపిస్తుందో అంతే. ఆమె విషయంలో ఇదే కీలకం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

రంగు కలిపారన్న అనుమానం తీర్చడానికి ఆమె మొదట్లో గాజు గ్లాసులో నీళ్లు పోసి, పైన చిటికెడు పొడి చల్లి చూపించేది. నీళ్లలో కరిగే కృత్రిమ రంగు ఉంటే ఎర్రటి గీతలు కిందికి దిగుతాయి. దిగకపోతే చూసేవాళ్లు తల ఊపేవారు. దాంతో ఆమె చిత్తులో, "నీళ్ల పరీక్షతో మా కారం స్వచ్ఛమని నిరూపించాను" అని రాసింది. ఆ వాక్యం తీసేయమన్నాను. సూడాన్ లాంటి రంగులు నూనెలో కరుగుతాయి గానీ నీళ్లలో కరగవు. వాటిని గ్లాసు పట్టుకోలేదు, ల్యాబ్ కావాలి. ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడు చదివితే ఆ వాక్యంతో పాటు పోస్టంతా పోతుంది.

అయితే ఆమె నిజంగానే తర్వాత హైదరాబాద్‌లో ల్యాబ్‌కు పంపింది. గ్లాసుతో సగం మందే నమ్మారు. ఒక ఫార్మసీ కుర్రవాడు, "అక్కా, నూనె రంగులు దీంట్ల తెలువయి" అన్నాడు. ఆ మాట విన్నాక పంపింది. ల్యాబ్ బిల్లు ఆ నెల మిగిలిన లాభం కన్నా ఎక్కువ. చూశారా, సర్టిఫికెట్ గొప్ప కోసం పెడితే ప్రకటన, ఆ కాగితం ఎందుకు అవసరమైందో చెబితే కథ. పైగా ఆ కాగితం ఆ ఒక్క నమూనాకే. "ఫలానా నెలలో పట్టించిన సరుకులో, పరీక్షించిన రంగులు కనబడలేదు" అనడం వేరు, "మా కారంలో ఎప్పుడూ కల్తీ ఉండదు" అనడం వేరు. మొదటిదే రాయండి.

మమ్మల్ని మోసం చేసినవాళ్ల పేరు రాయొచ్చా?

రాయకండి. పరువునష్టం కేసు భయం ఒకటి ఉంది, భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్. దానికన్నా పెద్ద నష్టం, పేరు రాయగానే పోస్టు మీ గురించి కాకుండా ఆ మనిషి గురించి అవుతుంది. కింద అందరూ అతని సంగతే మాట్లాడతారు.

పేరు లేకుండా పని ఎలా జరుగుతుందో చెబితే చాలు. మిర్చి మార్కెట్‌లో జెండా పాట అంటారు. ఆ రోజు మొదట పాడే ధర అది, పేపర్లో వచ్చేదీ సాధారణంగా అదే. తేమ ఉందని, తాలు ఉందని చాలా బస్తాలకు అంతకన్నా తక్కువే పడుతుంది. "పేపర్లో జెండా పాట చూసి పోయినం, మా బస్తాలకు అది రాలేదు" అంటే ఇక్కడివాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. బయటివాళ్లకు ఇంకో వాక్యం కలపండి.

ఇంటివాళ్ల గురించి, పనికి వచ్చేవాళ్ల గురించి ఎంత రాయాలి?

వాళ్ల ముందు పైకి చదవగలిగినంత. ఇది నేను కచ్చితంగా పట్టుబట్టే విషయం. పోస్టు వేసే ముందు అందులో ఉన్న ప్రతి మనిషికీ చదివి వినిపించండి. ఫోన్‌లో పంపి "చూడు" అంటే కాదు, మీరే చదవాలి. అతి ఉన్న చోట మీ గొంతే తడబడుతుంది. నాన్న, "గట్ల నేనెప్పుడన్న?" అని ఆపుతాడు. అమ్మ గాజుల దగ్గర మాట్లాడకుండా లేచిపోతే, ఆ వాక్యం ఉంచాలో వద్దో ఆమెనే అడగండి. ఆమె బంగారం, ఆమె ఇష్టం.

తొడిమెలు తీయడానికి వచ్చే ఆడవాళ్లను "మేం ఉపాధి కల్పించిన మహిళలు" అని రాస్తే, వాళ్లు చదివితే ఎలా ఉంటుందో ఆలోచించండి. మిర్చి ఘాటుకు రోజంతా చేతులు మండుతాయి, మూతికి గుడ్డ కట్టుకుని కూర్చుంటారు, కిలో లెక్కనో రోజు లెక్కనో తీసుకుంటారు. వాళ్ల పనికి మీరు డబ్బిస్తున్నారు, దానం కాదు. రాయాలనుకుంటే పని రాయండి, కూలి రాయండి. ఫొటో వేయాలంటే అడగండి. ముఖానికి గుడ్డ కట్టుకున్న ఫొటో కాబట్టి ఎవరూ గుర్తుపట్టరులే అనుకోవద్దు, ఊళ్లో చీరను బట్టే గుర్తుపడతారు.

మన యాసలో రాయాలా, పుస్తకాల తెలుగులోనా?

మీరు ఇంట్లో మాట్లాడేదానికి దగ్గరగా. "వచ్చిన, చేసిన, అన్నడు" అని రాయగలిగితే అలాగే రాయండి, వరంగల్‌లో ఎవరికీ అడ్డం రాదు. మధ్యలో మారకూడదు, అంతే. కష్టం చెప్పేటప్పుడు యాస, సరుకు గురించి చెప్పేటప్పుడు టీవీ ప్రకటన తెలుగు వచ్చిందంటే ఎక్కడ అమ్మడం మొదలైందో అక్కడే తెలిసిపోతుంది. యాసను అలంకారంగా చల్లడం ఇంకా ఘోరం. ప్రతి వాక్యంలో "గిట్ల", "గట్ల" పెడితే సినిమాలో కమెడియన్ మాట్లాడినట్టుంటుంది.

ఎంత పొడుగు ఉండాలి?

ఫోన్‌లో మొదటి రెండు మూడు లైన్లే కనబడతాయి. తర్వాత see more నొక్కాలి. అందుకే "నమస్తే, ఈ రోజు నా ప్రయాణం మీతో పంచుకుంటున్నాను" అని ఆ చోటు వృథా చేయకండి. "రంగు కలిపినవా?" అన్న ప్రశ్న అక్కడ ఉండాలి.

లింక్డ్‌ఇన్‌లో పోస్టుకు 3,000 క్యారెక్టర్లు, ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కు 2,200. తెలుగులో ఇవి అనుకున్నదానికన్నా తొందరగా అయిపోతాయి. గుణింతం గుర్తు, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. కంటికి రెండక్షరాలుగా కనిపించే "మిర్చి" అక్కడ ఆరు. నా అనుభవంలో నూటయాభై, రెండువందల మాటల్లో మంచి కథ పడుతుంది, ఈ రెండు చోట్లా సరిపోతుంది.

ఇన్ని చెప్పారు, పూర్తయిన పోస్టు ఎలా ఉంటుందో చూపించండి.

ఆమె చివరి చిత్తు ఇది:

"ఇంత ఎర్రగున్నదేంది, రంగు కలిపినవా?"

మా కారం పొడి చూసి పక్కింటి అత్తమ్మ అన్న మొదటి మాట. కలపలేదన్న. నమ్మలేదు. ఆమె తప్పు కాదు, నేనైనా నమ్మకపోదును.

నాన్న నర్సంపేట దగ్గర చపాట మిర్చి వేస్తడు. గుండ్రంగ ఉంటది, ఎరుపు ఎక్కువ, కారం తక్కువ. నేను అకౌంట్స్ పని చేసే బ్రాంచి ఎత్తేసిన్రు. హైదరాబాద్‌ల ఉద్యోగం దొరికింది గని పాపకు మూడేండ్లు, పోలేదు. ఇంట్ల ఉన్నది మిర్చి. అమ్మ గాజులు బ్యాంకుల పెట్టి 1,40,000 తెచ్చి మొదలుపెట్టిన.

మొదటిసారి వానకాలంల పట్టించిన. సరిగ ఎండలేదు, ప్యాకెట్లల్ల గడ్డ కట్టింది. అరవై ప్యాకెట్లు వాపసు తీసుకున్న.

రంగు అనుమానం మాత్రం పోలేదు. గ్లాసు నీళ్లల్ల వేసి చూపిస్తే సగం మంది నమ్మిన్రు. ఒక తమ్ముడు, నూనె రంగులు నీళ్లల్ల తెలువయి అక్కా అన్నడు. నిజమే. ల్యాబ్‌కు పంపిన. ఆ నెల లాభం కన్నా బిల్లే ఎక్కువైంది. ఆ కాగితం ఇప్పుడు అడిగినోళ్లకు చూపిస్త, ఏ నెల సరుకుదో చెప్పి.

పదకొండు నెలలకు గాజులు ఇడిపించినం. ఇప్పుడు నాన్నయి కాక ఇంకో రెండిండ్ల మిర్చి తీసుకుంటున్న.

"కారం లేదేంది?" అని ఇప్పటికీ అడుగుతరు. దానికి నా దగ్గర జవాబు లేదు. చపాట గట్లనే ఉంటది.

గమనించండి, మట్టిగాజుల వాక్యం ఇందులో లేదు. అమ్మకు చదివి వినిపిస్తే, "అది వద్దు బిడ్డా" అంది. తీసేసింది. పోస్టుకు కొంచెం నష్టమే, కానీ చేయాల్సింది అదే. సరుకులో ఉన్న లోటుతో ముగించడం చూసి కొందరు భయపడతారు. నాకు మాత్రం ఆ రెండు వాక్యాలే మొత్తం పోస్టుకు నమ్మకం తెచ్చాయనిపిస్తుంది. కారం ఎక్కువ కావాలనుకునేవాళ్లు ఎలాగూ కొన్నాక తిట్టేవాళ్లే, వాళ్లకు ముందే తెలిసిపోయింది.

గడ్డ కట్టిన సంగతి ఉంచాలా అని కూడా అడిగారు. ఉంచమన్నాను, ఎందుకంటే కారణం చెప్పింది, ఏం చేసిందో చెప్పింది. మిర్చి పొడిలో తేమ 11 శాతం దాటకూడదని నిబంధన. ఎండకాలం ఎండలో ఆరబెట్టి పట్టించినదానికి, వానకాలం పట్టించినదానికి తేడా ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. "మొదట్లో ఎన్నో అవరోధాలు ఎదుర్కొన్నాం" అన్నదానికన్నా ఇది మెరుగు.

చివర ఫోన్ నంబరు, ఆఫర్ పెట్టొచ్చా?

ఆఫర్ వద్దు. "ఈ పోస్టు చూసి ఆర్డర్ చేస్తే పది శాతం తగ్గింపు" అన్న లైన్ పడగానే, పైన చెప్పిన గాజులు కూడా అమ్మకం కోసమే చెప్పినట్టవుతుంది. నంబరు మీ ప్రొఫైల్‌లో పెట్టండి. కొనాలనుకున్నవాళ్లు వెతుక్కుంటారు, లేదా కింద అడుగుతారు, అప్పుడు చెప్పండి. తగ్గింపు సంగతి వేరే రోజు వేరే పోస్టులో, ప్రకటన అని తెలిసేలాగే వేసుకోండి. ప్రకటన వేయడం తప్పేమీ కాదు.

ఇక "మీ ఆదరణే మా బలం", "మీ ఆశీస్సులు కావాలి" లాంటివి కూడా తీసేయండి. పెళ్లిపత్రికలో బాగుంటాయి.

రెండేళ్ల తర్వాత పరిస్థితి మారితే పాత పోస్టును ఏం చేయాలి?

పెద్ద విషయం మారితే దిద్దండి. నాన్న మిర్చి మానేసి పత్తి వేస్తే, మిర్చి ఇప్పుడు ఇతర రైతుల దగ్గర కొంటుంటే, "నాన్న పండించిన" అన్న మాట అప్పటికి నిజం, ఇప్పటికి కాదు. పైన ఆ రోజు తేదీ వేసి ఒక లైన్ చేర్చండి: "2 సంవత్సరాల కింద రాసింది, ఇప్పుడు మిర్చి దుగ్గొండి వైపు నలుగురు రైతుల దగ్గర తీసుకుంటున్నం." ప్యాకెట్ మీద కథ అచ్చు వేయించినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఐదు వేల కవర్లు కొట్టించాక అవి అయిపోయేదాకా మార్చలేరు. అందుకే కవర్ మీద ఊరు, రకం, పట్టించిన నెల మాత్రం వేయించి, కథను పోస్టులోనే ఉంచమని నా సలహా.